గోడకు ఆనని బస్తా

ఊరి సహకార సంఘం కార్యదర్శి కొత్త గోదాము కొలతలు మొదట బస్తాల సైజుతోనే వేశారు. పాత గోదాములో గోడకు ఆనించిన బస్తాను హమాలీ లాగి చూపించాడు. వెనకవైపు గోనె తడిసి, ధాన్యం ముద్దకట్టి బూజువాసన కొట్టింది.

అక్కడే లెక్క మారింది. ఘనమీటరుకు 400 కిలోలే. అంటే 200 టన్నులకు 500 ఘనమీటర్లు. ఎత్తు 5 మీటర్లయితే నేల 100 చదరపు మీటర్లు. ఇందులో ఖాళీగా కనిపించే చోటేదీ వృథా కాదు: గోడకూ దొంతరకూ మధ్య మనిషి నడిచే సందు, దొంతరల మధ్య బాటలు, పైన గాలి ఆడే జాగా.

ఆ తర్వాతే స్థలం చూశారు. వానాకాలంలో నీళ్లు ఎంతవరకు నిలుస్తాయో పక్క పొలాల రైతుల్ని అడిగి, పునాది అరుగును అంతకన్నా ఎత్తుగా గీయించారు.

మీ సంఘమూ గోదాము కట్టబోతుంటే, ముందు పాతదానిలో గోడవైపు బస్తా ఒకటి తిప్పి చూడండి.