ఇంటి పత్రాలు పెట్టి వ్యాపారం పెంచాలంటే

వ్యాపార విస్తరణకు ఆస్తి తనఖా పెట్టి తీసుకునే అప్పుకు వడ్డీ తక్కువ, తనఖా లేని బిజినెస్ లోనుకు ఎక్కువ. చాలామంది ఇంతవరకే చూసి నిర్ణయం తీసుకుంటారు. అసలు బరువు తేల్చేది వడ్డీ శాతంతో పాటు తీర్చే గడువు.

విజయవాడలో ఒక మిఠాయిల తయారీదారుకు కొత్త యూనిట్ కోసం 40 లక్షలు కావాలనుకుందాం. ఇల్లు తనఖా పెడితే 10.5 శాతం వడ్డీకి పదేళ్ల గడువు. నెల వాయిదా సుమారు 54 వేలు. తనఖా లేకుండా 18 శాతానికి మూడేళ్లు. వాయిదా దాదాపు 1.45 లక్షలు. చివరికి కట్టే వడ్డీ చూస్తే మొదటిదానికి దాదాపు 25 లక్షలు, రెండోదానికి 12 లక్షలు. అదే తనఖా అప్పును మూడేళ్లలో తీర్చేస్తే వడ్డీ 7 లక్షల లోపే, కానీ వాయిదా 1.30 లక్షలకు పెరుగుతుంది. కొత్త యూనిట్ నిలదొక్కుకోవడానికి ఏడాది పట్టేలా ఉంటే చిన్న వాయిదాయే ప్రాణాధారం. పండగ సరుకు కొనడానికైతే పదేళ్ల అప్పు అనవసరం.

ఇంటి విలువ దగ్గర చాలామందికి ఆశాభంగం తప్పదు. యజమాని కోటి అనుకున్న ఇంటికి బ్యాంకు పంపిన వాల్యూయర్ ఇలా లెక్క కట్టవచ్చు: 200 గజాల స్థలం, గజం 30 వేల చొప్పున 60 లక్షలు, కట్టడానికి పాతబడినంత తగ్గించి 20 లక్షలు. ప్లాన్‌లో అనుమతి లేని పై అంతస్తుకు విలువ సున్నా. ఆ 80 లక్షల్లో 60 శాతం, అంటే 48 లక్షల వరకే అప్పు. విలువ ఎంతున్నా లింకు డాక్యుమెంట్లలో ఒకటి లేకపోయినా, ఈసీలో పాత తనఖా కనిపించినా ఫైలు లీగల్ పరిశీలన దగ్గరే ఆగుతుంది. ఇంట్లో వాటా ఉన్నవారందరి సంతకాలూ కావాలి.

తనఖా లేని లోనుకు ఆస్తి బదులు జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్, సిబిల్ స్కోరు చూస్తారు. డబ్బు త్వరగా వస్తుంది, మొత్తం మాత్రం టర్నోవరును బట్టే. తనఖా లేదు కదా అని ఇది భయం లేని అప్పు కాదు. వ్యక్తిగత హామీ సంతకం ఉంటే సివిల్ దావా వేసి, డిక్రీతో సొంత ఆస్తుల మీదకూ రావచ్చు. అయితే అందుకు కోర్టు మెట్లెక్కాలి.

తనఖా ఉన్నచోట ఆ అడ్డు చాలావరకు ఉండదు. బకాయి 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆపైన ఇంటిని స్వాధీనం చేసుకుని వేలం వేయగలదు. నోటీసుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే బ్యాంకు 15 రోజుల్లో బదులివ్వాలి. స్వాధీన చర్యపై 45 రోజుల్లోగా డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వ్యవసాయ భూమికి ఈ చట్టం వర్తించదు. పొలం తనఖా మీద వ్యాపార అప్పు దొరకడం కష్టమవడానికి అదొక కారణం.