చార్మినార్ నాణెం: ఫోటోలో ఏం చూడాలి

తెలంగాణలోని చాలా ఇళ్లలో పాత పెట్టెల అడుగున చార్మినార్ బొమ్మ ఉన్న నాణేలు కనిపిస్తాయి. నిజాం ప్రభుత్వం సొంతంగా ముద్రించుకున్న ఈ ఉస్మానియా సిక్కాల మీద ఇంగ్లీషు అక్షరం గానీ, మనకు తెలిసిన అంకె గానీ ఉండదు. ఉన్నదంతా పర్షియన్ రాతే. అయినా బొమ్మకూ బొరుసుకూ చెరొక స్పష్టమైన ఫోటో ఉంటే, ఆ భాష రానివారు కూడా నాణెం విలువ, లోహం, కాలం చాలావరకు చెప్పగలరు. ఏ గుర్తు ఎక్కడుంటుందో తెలిస్తే చాలు.

ఫోటో తీసే తీరు మీదే సగం పని ఆధారపడి ఉంటుంది. ఫ్లాష్ వేస్తే లోహం మెరిసి రాత మాయమవుతుంది. కిటికీ పక్కన పెట్టి, వెలుతురు ఏటవాలుగా పడేట్టు తీస్తే అరిగిన అక్షరాల అంచులకు కూడా నీడ పడి, రాత పైకి తేలుతుంది. పక్కన ఇప్పటి పదిరూపాయల నాణెం ఒకటి పెట్టాలి. దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు గనుక పాతదాని కొలత ఫోటోలోనే తెలిసిపోతుంది. చార్మినార్ తలకిందులు కాకుండా నిటారుగా ఉండాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. కారణం అంకెల దగ్గర తెలుస్తుంది.

మొదట చూడవలసింది చార్మినార్ మధ్య కమాను లోపల. అక్కడ ఒకే ఒక్క అక్షరం ఉంటుంది, అది పాలకుడి పేరులోని తొలి అక్షరం. 3 అంకెను అద్దంలో చూసినట్టు, రెండు నోళ్లూ కుడివైపు తెరుచుకుని ఉంటే అది ‘ఐన్’. అంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. చిన్న గుండ్రటి ముడికి తోక ఉన్నట్టు కనిపిస్తే అది ‘మీమ్’. అంటే ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో గద్దెనెక్కాడు, 1948లో సంస్థానం భారత యూనియన్‌లో కలిసింది. కాబట్టి మిగతా రాతంతా అరిగిపోయినా, కమానులోని ఐన్ ఒక్కటి నిలిస్తే నాణెం ఆ 37 ఏళ్లలోనిదని చెప్పవచ్చు. మీమ్ ఉన్న చార్మినార్ నాణెం ఇరవయ్యో శతాబ్దపు తొలి పదేళ్ల కాలానిది. రాగి రంగు చిల్లర మీద చార్మినార్‌కు బదులు మెలికలు తిరిగిన తుఘ్రా ఉంటుంది. అక్కడ ఇదే అక్షరాన్ని తుఘ్రా పైభాగంలో వెతకాలి.

కచ్చితమైన ఏడాది కావాలంటే అంకెలు చదవాలి. ఇవి అరబిక్ అంకెల పర్షియన్ రూపాలు. ఒకటి నిటారు గీత. రెండు, మూడు కూడా నిటారు గీతలే, కాకపోతే పైన రెండుకు ఒక వంపు, మూడుకు రెండు వంపులు ఉంటాయి. ఏడు ఇంగ్లీషు ‘వి’ అక్షరంలా, ఎనిమిది దాన్నే తలకిందులు చేసినట్టూ ఉంటాయి. ఫోటో తిరగబడితే ఏడు ఎనిమిదవుతుందని ఇక్కడే అర్థమవుతుంది. మన సున్నాలా కనిపించేది ఐదు. అసలు సున్నా ఒక చుక్క మాత్రమే. ఇంకో చోట కూడా చాలామంది పొరబడతారు. చార్మినార్ ఉన్న వైపు నాలుగు అంకెల సంవత్సరంతోపాటు 92 అనే సంఖ్య కూడా ఉంటుంది. అది తేదీ కాదు. అక్షరాలకు విలువలు కట్టే అబ్జద్ లెక్కలో ‘ముహమ్మద్’ అనే పేరు మొత్తం 92 అవుతుంది, అందుకే దాన్ని శుభసూచకంగా వేశారు.

ఒక నాణేన్ని పూర్తిగా చదివి చూద్దాం. కమానులో ఐన్ ఉంది. నాలుగు అంకెలు 1337 అని వచ్చాయి. బొరుసు మధ్యలో ‘యక్ రూపియా’ అన్న రాత, దాని చుట్టూ హైదరాబాద్ టంకశాల పేరు, పాలనా సంవత్సరాన్ని చెప్పే ‘జులూస్’ వాక్యం, దాని దగ్గర 8 ఉన్నాయి. 1337 హిజ్రీ సంవత్సరం. చాంద్రమానం గనుక అది మన ఏడాదికన్నా సుమారు పదకొండు రోజులు చిన్నది. అందుకే నేరుగా 622 కలపకూడదు. ముందు 0.97తో గుణించి, వచ్చినదానికి 622 కలపాలి. 1337ను అలా గుణిస్తే దాదాపు 1297, దానికి 622 కలిపితే 1919. హిజ్రీ 1337 నిజానికి 1918 అక్టోబరు నుంచి 1919 సెప్టెంబరు దాకా నడిచింది. ఇక బొరుసు మీది 8 దీనికి సాక్ష్యం. ఉస్మాన్ అలీ ఖాన్ పాలన హిజ్రీ 1329లో మొదలైంది, 1337లోంచి దాన్ని తీసేస్తే 8. రెండు వైపులా లెక్క కుదిరింది. పాలన మొదలైన రోజూ హిజ్రీ ఉగాది రోజూ ఒకటి కావు గనుక ఒక ఏడాది అటూ ఇటూ తేడా వస్తే సహజమే. నాలుగైదేళ్ల తేడా వస్తే మాత్రం అంకెనైనా తప్పు చదివి ఉండాలి, నాణెమైనా నకిలీది అయి ఉండాలి.

పాత పట్టాలు, పహాణీలు చూసిన అలవాటున్నవారు ఈ 1337ను ఫసలీ అనుకునే ప్రమాదం ఉంది. భూమి కాగితాల్లోని ఫసలీకి 590 కలపాలి, అలా కలిపితే 1927 వస్తుంది. నాణెం మీద ఉన్నది హిజ్రీయే.

విలువ చదవలేనంతగా అరిగితే కొలత ఆదుకుంటుంది. రూపాయి వ్యాసం 30 మిల్లీమీటర్లు, అంటే ఫోటోలో పక్కనున్న పదిరూపాయల నాణెంకన్నా కాస్త పెద్దది. అర్ధరూపాయి సుమారు 24, పావలా 20, రెండణాల బేడ 15 మిల్లీమీటర్లు. నడుమ చిల్లు ఉన్న చిన్న కంచు నాణెం 1940ల నాటి రెండు పైలది.

లోహం విషయంలో కంటిని అంతగా నమ్మకూడదు. వెండి గాలిలోని గంధకానికి నల్లబడుతుంది, బల్బు వెలుతురులో పసుపుగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా కూడా రంగును తన ఇష్టం వచ్చినట్టు దిద్దుతుంది. అందుకే విలువ, ఏడాది చదివాకే లోహం తేల్చాలి. ఏడో నిజాం రూపాయి పూర్తి వెండి కాదు, అందులో నూటికి దాదాపు 82 పాళ్లే వెండి. అర్ధరూపాయి, పావలా, బేడ కూడా మొదట్లో అదే వెండితో వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, హిజ్రీ 1366 నుంచి, అంటే 1946 చివరి నుంచి ఆ మూడింటినీ నికెల్‌తో ముద్రించారు. రెండూ తెల్లగానే ఉంటాయి. పావలా మీద 1366 కనిపిస్తే అది ఫోటోలో ఎంత మెరిసినా వెండి కాదు. బంగారు రంగులో ఉన్నదాని మీద ‘యక్ రూపియా’ అని ఉంటే అది పూత వేసిన రూపాయి.

రంగులో నమ్మదగిన చోటు ఒకటుంది. ఎత్తుగా ఉండి ముందుగా అరిగే మినార్ల కొనలు, అంచు గట్టు ఫోటోను పెద్దది చేసి చూడాలి. అక్కడ ఎర్రగానో పసుపుగానో కనిపిస్తే పైన ఉన్నది పూతే. అక్షరాల మధ్య మైదానంలో సూదిమొన గుచ్చినట్టు చిన్న గుంటలు, అక్షరాల అంచులు మొద్దుబారి ఉండటం అచ్చులో పోసిన నకిలీకి గుర్తు. టంకశాలలో దెబ్బకొట్టి ముద్రించినదానికి అరిగినచోట తప్ప అంచులు పదునుగానే ఉంటాయి.

నాణెం మందం, అంచు, బరువు మాత్రం ఈ రెండు ఫోటోల్లో కనిపించవు. రూపాయి అసలు బరువు దాదాపు 11.18 గ్రాములు. వాడుకలో అరిగితే కొంచెం తగ్గుతుంది గానీ పెరగదు. నికెల్ అయితే అయస్కాంతానికి అంటుకుంటుంది, వెండి అంటుకోదు. ఫోటో చూసి చెప్పినది నిజమో కాదో త్రాసు మీద, అయస్కాంతం దగ్గర తేల్చుకోవచ్చు. అంతవరకూ నాణేన్ని చింతపండుతో తోమకూడదు. తోమితే రాత మెరుస్తుంది గానీ, ఏ లోహమో చెప్పే పాత పొర పోతుంది.