ఇంటర్వ్యూ తర్వాత థ్యాంక్యూ మెయిల్ పంపుతున్నారా? ఆ ఒక్క పాయింట్ లేకపోతే పంపినా దండగే!

ఇంటర్వ్యూ అయిపోయింది. బయటికొచ్చి ఆటో ఎక్కారో లేదో, ఇందాక తప్పు చెప్పిన ప్రశ్నకు సరైన జవాబు గుర్తొచ్చింది. అయ్యో అనుకుంటాం, ఇంటికెళ్లాక "మీ సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు, మీ స్పందన కోసం ఎదురుచూస్తున్నాను" అని రెండు లైన్లు కొట్టి పంపేస్తాం. చాలామంది చేసేది ఇదే. నిజానికి ఆ గుర్తొచ్చిన జవాబే ఆ మెయిల్‌లో ఉండాల్సింది. ఉత్త ధన్యవాదాల మెయిల్‌తో నష్టమేమీ లేదు కానీ, లాభమూ పెద్దగా ఉండదు. ఎందుకంటే ఇంటర్వ్యూ చేసినవాళ్లకు మీ గురించి అందులో కొత్తగా తెలిసేది ఏమీ లేదు.

మెయిల్ ఎప్పుడు చేరాలి?

ముందు తెరవెనుక ఏం జరుగుతుందో చూద్దాం. చాలా ప్రైవేట్ కంపెనీల్లో ఇంటర్వ్యూ ముగిశాక ప్యానెల్‌లోని ఒక్కొక్కరూ ఫీడ్‌బ్యాక్ ఫారం నింపుతారు. ఏ అంశంలో ఎలా చెప్పారు, తీసుకోవచ్చా వద్దా అని రాస్తారు. కొందరు అదే రోజు రాసేస్తారు, కొందరు మర్నాడు రాస్తారు. ఆ తర్వాత అందరూ కలిసి మాట్లాడుకుని నిర్ణయం తీసుకుంటారు. మీ మెయిల్ పనికొచ్చేది ఈ మధ్యలోనే. అందుకే అదే రోజు సాయంత్రం గానీ, మరుసటి రోజు ఉదయం గానీ పంపాలి. నాలుగు రోజుల తర్వాత పంపితే అప్పటికే ఫారం నిండిపోయి ఉంటుంది.

మెయిల్‌లో ఏం కలపాలి?

మూడేళ్ల అనుభవం ఉన్న ఓ బ్యాకెండ్ డెవలపర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో ఇంటర్వ్యూ. "ఉద్యోగుల టేబుల్‌లోంచి రెండో అత్యధిక జీతం తీయండి" అని అడిగారు. అతను జీతాలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి, రెండో వరుస తీసుకుంటే సరిపోతుందన్నాడు. ఇంటర్వ్యూ చేసినాయన "సరే" అని ముందుకెళ్లిపోయారు. చిక్కేంటంటే, ఇద్దరికి 90,000 చొప్పున, మూడో వ్యక్తికి 80,000 జీతం ఉందనుకోండి. అతను చెప్పిన పద్ధతిలో రెండో వరుసలోనూ 90,000 వస్తుంది. రావాల్సింది 80,000. ఒకే జీతం రెండుసార్లు లెక్కలోకి రాకుండా DISTINCT వాడాలి.

```
SELECT DISTINCT salary
FROM employees
ORDER BY salary DESC
LIMIT 1 OFFSET 1;
```

ఇంకో విషయం కూడా ఉంది. ఆ ఇంటర్వ్యూలో "నెల రోజుల్లో చేరగలరా?" అని అడిగితే "కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు. ఇప్పుడు అతని మెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే సార్. ఈరోజు ఇంటర్వ్యూకి సమయం ఇచ్చినందుకు థ్యాంక్స్. రెండో అత్యధిక జీతం ప్రశ్నకు నేను చెప్పిన క్వెరీలో ఓ తప్పు ఉంది. ఎక్కువ జీతం ఇద్దరికి సమానంగా ఉంటే అది అదే అంకెను మళ్లీ చూపిస్తుంది. DISTINCT చేర్చిన క్వెరీ కింద ఇస్తున్నాను. ఇంటికొచ్చాక రన్ చేసి చూసుకున్నాను. జాయినింగ్ గురించి అడిగారు కదా, నా నోటీస్ పీరియడ్ 60 రోజులు. బైఅవుట్‌కు కంపెనీ రూల్స్ ఒప్పుకుంటాయి కానీ, మేనేజర్ అనుమతి కావాలి. కాబట్టి 30 రోజులని ఇప్పుడే ఖాయంగా చెప్పలేను."

అంతే. ఇంగ్లిష్‌లో పంపినా వరుస ఇదే. థ్యాంక్స్ ఒక్క వాక్యం, తప్పు ఎక్కడుందో రెండు మూడు వాక్యాలు, బాకీ పడ్డ జవాబు రెండు మూడు వాక్యాలు. ఫోన్‌లో చూస్తే ఒక్క స్క్రీన్‌లో అయిపోవాలి.

ఇక్కడో కిటుకు ఉంది. సరైన క్వెరీ ఎవరైనా నెట్‌లో వెతికి పెట్టేయొచ్చు. ఆ సంగతి ఇంటర్వ్యూ చేసినవాళ్లకీ తెలుసు. కాబట్టి సరైన జవాబు కంటే, "నాది ఎందుకు తప్పు" అన్న వాక్యానికే విలువ. అది సొంత మాటల్లో ఉండాలి. అలాగే ఒక్క తప్పునే సరిదిద్దాలి. ఐదు ప్రశ్నలకు మళ్లీ జవాబులు రాస్తే, ఐదూ రాలేదని మీరే గుర్తుచేసినట్టవుతుంది.

ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు రాదు?

ఇంటర్వ్యూ చేసినవాళ్లే నిర్ణయం తీసుకునే చిన్న టీముల్లో దీని ప్రభావం ఎక్కువ. తీసుకోవాలా వద్దా అని ఊగిసలాటలో ఉన్నప్పుడు ఇలాంటి మెయిల్ కాస్త మొగ్గు తేవొచ్చు. మొత్తం ఇంటర్వ్యూనే బాగా పోతే మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ ఉండదు. వందలమందిని ఒకే రోజు చూసే క్యాంపస్ డ్రైవ్‌లు, వాకిన్‌లలో మార్కులు అక్కడికక్కడే పడిపోతాయి కాబట్టి మెయిల్ చదివే తీరిక ఎవరికీ ఉండదు.

ప్రభుత్వ, బ్యాంకు ఉద్యోగాల సంగతి పూర్తిగా వేరు. ఏ రూపంలో సిఫార్సుకు, ప్రభావితం చేయడానికి ప్రయత్నించినా అనర్హులవుతారని ఆ నోటిఫికేషన్లలో సాధారణంగా స్పష్టంగానే ఉంటుంది. బోర్డు సభ్యుల మెయిల్ ఐడీ సంపాదించి థ్యాంక్స్ చెప్పడం మర్యాద అనిపించుకోదు, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. అక్కడ అస్సలు పంపొద్దు.

ఇవి చేస్తే ఉన్నదీ పోతుంది

అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసేది కాపీ పేస్ట్. ప్యానెల్‌లో ముగ్గురుంటే ముగ్గురికీ ఒకే మెయిల్ పంపుతారు. వాళ్లు పక్కపక్క సీట్లలోనే కూర్చుంటారు, ఒకరిది ఒకరు చూసుకుంటారు. ఒక్కోసారి పాత మెయిల్‌లోని వేరే కంపెనీ పేరు కూడా అలాగే వెళ్లిపోతుంది. ముగ్గురికీ వేర్వేరుగా రాయలేకపోతే, హెచ్‌ఆర్‌కు ఒక్కటే పంపి "ప్యానెల్‌కు తెలియజేయగలరు" అంటే చాలు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు తమ ఐడీ ఇవ్వనప్పుడు వెతికి పట్టుకుని రాయడం కంటే హెచ్‌ఆర్ దారే మంచిది.

రెండోది, థ్యాంక్స్ మెయిల్‌లో జీతం బేరం పెట్టడం. ఆ మాట ఆఫర్ వచ్చే దశలో మాట్లాడాలి. ఇంటి పరిస్థితులు చెప్పుకోవడం కూడా అంతే. అమెరికాలో ఓపీటీ మీద ఉన్న మన విద్యార్థులు నిరుద్యోగానికి ఉండే 90 రోజుల గడువు గురించి ఇందులో రాస్తుంటారు. గడువు నిజమే, ఆందోళనా నిజమే. కానీ అది చదివినవాళ్లకు మీ పని గురించి ఏమీ తెలియదు. వీసా గురించి వాళ్లు అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

మూడోది చిన్నదే కానీ ప్రమాదం. ఇప్పుడు పనిచేస్తున్న ఆఫీసు మెయిల్ ఐడీ నుంచి ఎప్పుడూ పంపొద్దు.

జవాబు రాకపోతే?

థ్యాంక్స్ మెయిల్‌కు జవాబు రాలేదంటే రిజెక్ట్ చేసినట్టు కాదు. ఫలితం బయటికి చెప్పకూడదని చాలామంది రిప్లై ఇవ్వరు. "వారంలో చెప్తాం" అన్నారా? ఆ వారం పోనివ్వండి, ఇంకో రెండు పని దినాలు ఆగండి. తర్వాత హెచ్‌ఆర్‌కు ఒకే ఒక్క మెయిల్ పెట్టి, ఏ రోజు, ఏ పోస్టుకు ఇంటర్వ్యూ అయిందో చెప్పి ఎంతవరకు వచ్చిందో అడగండి. ఈలోగా రోజుకో రిమైండర్ పంపితే, మొదటి మెయిల్‌తో సంపాదించుకున్న మంచి పేరు కాస్తా పోతుంది.