ఇల్లు ఒకరికే, ఉత్తరం అందరికీ

"నీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత..." గిఫ్ట్ డీడ్‌లో మామూలుగా కనిపించే మాట ఇది. చదివిన మిగతా పిల్లలకు తట్టే ప్రశ్న ఒకటే: 'మరి మా మీద ప్రేమ లేదా?' జవాబు దస్తావేజులో ఉండదు. దానికే ఉత్తరం రాయాలి.

తెనాలిలో ఒక రిటైర్డ్ టీచరు ఉన్నారనుకుందాం. ఆయన ముగ్గురికీ ఇలా రాశారు:

"పెద్దాడా, బుజ్జీ, చిన్నీ! ఇల్లు చిన్నీ పేర పెడుతున్నాను. 2009లో పెద్దాడి చదువుకు 14 లక్షలు, 2012లో బుజ్జి పెళ్లికీ స్థలానికీ 16 లక్షలు ఇచ్చాం. ఇంటి విలువ ఇప్పుడు 50 లక్షలు. అప్పటి రూపాయి వేరు, ఇప్పటి రూపాయి వేరు. అయినా చిన్నీకి ఎక్కువే ముడుతోంది, దాచను. అమ్మకు పక్షవాతం వచ్చాక అది ఉద్యోగం మానేసి ఆరేళ్లుగా మా దగ్గరే ఉంది. ఎక్కువ ఇస్తున్నది అందుకే."

ఇందులో పొగడ్త లేదు, నింద లేదు. 'మీరు రాలేదు' అనే ఎత్తిపొడుపు ఒక్కటి చేరినా లెక్క పక్కకు పోయి తగవు మిగులుతుంది.

అయితే ముందు ఆ ఇల్లు ఆయన స్వార్జితమై ఉండాలి. పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తి అయితే 2005 సవరణ తర్వాత కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా ఉంది. అలాంటి ఇంటిని మొత్తంగా ఒకరికే రాసే హక్కు తండ్రికి ఉండదు.

ఇద్దరు సాక్షులతో రిజిస్టరై, చిన్నీ స్వీకరించాక, మనసు మారిందని దాన్ని రద్దు చేయడం కుదరదు. బతికున్నంత కాలం ఇంటిని తామే అనుభవించే హక్కు ఉంచుకుని ఇచ్చినా దానం చెల్లుతుందని రేణికుంట్ల రాజమ్మ కేసులో 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇచ్చాక ఆమె రాసిన రద్దు పత్రం నిలవలేదు.

అందుకే 'అమ్మానాన్నలను చూసుకోవాలి' అన్న షరతును ఉత్తరంలో రాసి ఊరుకోకూడదు. దస్తావేజులోనే స్పష్టంగా రాయించాలి. అప్పుడు, చూడకపోతే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌కు వెళ్లి దానాన్ని రద్దు చేయమని అడగొచ్చు. షరతు రాయకపోతే దాన్ని రుజువు చేసుకోవడమే పెద్ద పని. ఇంకా ఊగిసలాట ఉంటే గిఫ్ట్ బదులు వీలునామా మేలు. దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు.

టీచరుగారు ఒకే ఉత్తరాన్ని ముగ్గురికీ ఒకేరోజు, రిజిస్ట్రేషన్‌కు నెల ముందే పంపారు. చివర ఇలా రాశారు: "దస్తావేజులో ప్రేమాభిమానముల చేత అని ఒక్కదాని పేరే ఉంటుంది. అది దస్తావేజు రాసేవాడి వాడుక. నా లెక్క పైన రాశాను. తప్పుంటే ఈ నెలలోనే చెప్పండి, నేను పోయాక మీలో మీరు కాదు."