రెండు కెపాసిటర్లు కలిస్తే మాయమయ్యే శక్తి

చార్జి చేసిన రెండు కెపాసిటర్లను తీగలతో కలిపినప్పుడు ఆవేశం ఎక్కడికీ పోదు, శక్తి మాత్రం తగ్గుతుంది. ఎందుకో ఒక లెక్కలో చూద్దాం.

ఒకటి 6 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్, దాన్ని 100 వోల్టులకు చార్జి చేశాం. ఇంకొకటి 4 మైక్రోఫారడ్‌లది, దాని వోల్టేజి 50. కెపాసిటన్స్‌ను వోల్టేజితో గుణిస్తే ఆవేశం వస్తుంది కాబట్టి మొదటిదానిలో 600, రెండోదానిలో 200 మైక్రోకూలుంబులు ఉన్నాయి. శక్తి మొదటిదానిలో 30, రెండోదానిలో 5, మొత్తం 35 మిల్లీజౌళ్లు.

ముందు ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలుపుదాం. ఆవేశాలు కూడి 800 అవుతాయి. రెండింటి కెపాసిటన్స్ కలిపి 10. భాగిస్తే ఉమ్మడి వోల్టేజి 80. ఇప్పుడున్న శక్తి 32 మిల్లీజౌళ్లు, అంటే 3 తగ్గింది. చాలామంది విద్యార్థులు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. శక్తి అలాగే ఉంటుందనుకుని 35 నుంచి వోల్టేజి రాబడితే దాదాపు 83.7 వస్తుంది. అంత వోల్టేజికి కావలసిన ఆవేశం అక్కడ లేనే లేదు.

ఇప్పుడు తిరగేసి, ప్లస్‌కు మైనస్ కలుపుదాం. ఆవేశాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలేది 400. ఉమ్మడి వోల్టేజి 40, శక్తి 8 మిల్లీజౌళ్లే. ఏకంగా 27 పోయాయి! పైగా చిన్న కెపాసిటర్‌లో ప్లస్‌గా ఉన్న పలక మైనస్‌గా మారిపోయింది.

నష్టానికి సూత్రం ఇది:

½ × C₁C₂/(C₁+C₂) × (V₁ − V₂)²

తిరగేసి కలిపితే V₂ను −50గా తీసుకోవాలి. అప్పుడు తేడా 50 కాదు, 150. తేడా మూడింతలైతే నష్టం తొమ్మిదింతలు. రెండు వోల్టేజిలూ ముందే సమానంగా ఉండి, సరైన వైపులు కలిపితే నష్టమే ఉండదు.

పోయిన శక్తి ప్రధానంగా తీగల నిరోధంలో వేడిగా మారుతుంది, కొంత నిప్పురవ్వగా కనిపిస్తుంది. మరి నిరోధం తగ్గిస్తే నష్టం తగ్గదా? సూత్రంలో నిరోధం ఊసే లేదు, గమనించండి. ఈ విషయం నాకు ఎప్పుడూ అబ్బురమే. మధ్యలో 1000 ఓమ్‌ల నిరోధం పెడితే, సరైన వైపులు కలిపినప్పుడు మొదట పారే కరెంటు 50 మిల్లీఆంపియర్లు, వోల్టేజిలు సర్దుకోవడానికి పది మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. నిరోధం సగం చేస్తే కరెంటు రెట్టింపవుతుంది, సమయం సగమవుతుంది, పుట్టే వేడి మాత్రం అంతే.

అందుకే నిరోధం శక్తిని కాపాడదు కానీ కెపాసిటర్‌ను కాపాడుతుంది. ముఖ్యంగా ఎలక్ట్రోలిటిక్ రకానికి ప్లస్, మైనస్ తారుమారైతే లోపలి పొర దెబ్బతిని, వేడెక్కి, ఉబ్బి, పగిలిపోవచ్చు కూడా. కాబట్టి కలిపేముందు మల్టీమీటర్‌తో రెండింటి వోల్టేజి, ప్లస్ వైపు చూసుకోండి. తేడా ఎక్కువగా ఉంటే మధ్యలో నిరోధం పెట్టే కలపండి.