మూడు నల్లమెట్లు, ఒక తెరచాప

హార్మోనియం ముందు కూర్చుని శంకరాభరణం ఆరోహణ మొదలుపెట్టి, ని దగ్గర ఆపేయండి. పక్క గదిలో కూరగాయలు తరుగుతున్నవాళ్లు కూడా "ఆ పై స వాయించేయరాదూ" అంటారు. ని నుంచి స అర స్వరం దూరమే. అంత దగ్గరికొచ్చి ఆగితే చెవి ఊరుకోదు.

యూరప్ సంగీతం రెండు వందల ఏళ్లు ఈ ఆరాటాన్ని నమ్ముకునే బతికింది. మనకు స ఎక్కడుందో తంబురా చెబుతూనే ఉంటుంది. వాళ్లకు తంబురా లేదు, ఆ పని కార్డులు చేయాలి. ప, ని, రి, మ నాలుగూ కలిపి నొక్కితే ని పైనున్న స కోసం, మ కిందున్న గ కోసం తహతహలాడతాయి. స-గ-ప కార్డు పడగానే రెండూ కుదుటపడతాయి, ఇల్లు ఇదేనని చెవికి తెలుస్తుంది. ప్రతి కార్డుకూ ఇలా ఒక ఉద్యోగం ఉండే ఈ ఏర్పాటునే ఫంక్షనల్ టోనాలిటీ అంటారు.

ఫ్రెంచ్ స్వరకర్త క్లాడ్ డెబ్యుస్సీ ఈ ఉద్యోగాలను ఎలా ఊడగొట్టాడో చూడాలంటే 1910లో అచ్చయిన ఆయన పియానో ప్రెల్యూడ్లలో రెండోది చాలు. పేరు 'వ్వాల్'. ఆ ఫ్రెంచ్ మాటకు తెరచాపలనీ అర్థమే, మేలిముసుగులనీ అర్థమే. మన 'తెర' కూడా దాదాపు అంత పనీ చేస్తుంది. ఇంప్రెషనిస్టు అన్న ముద్ర ఆయనకు నచ్చలేదు గానీ వదిలిపోలేదు.

మెట్ల మీదే చూద్దాం. సి, డి, ఇ అనే మూడు తెల్లమెట్లు వాయించి, ఆ తర్వాత గుంపుగా ఉన్న మూడు నల్లమెట్లు వాయించండి. ఆరు స్వరాలు, ఏ రెంటి మధ్యా దూరం మారదు. దీన్నే హోల్‌టోన్ స్కేల్ అంటారు. కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు గోప్రియ రాగాన్ని గుర్తుపడతారు. 62వ మేళమైన రిషభప్రియలో పంచమం తీసేస్తే వచ్చేది అదే.

ఈ స్కేలులో అర స్వరం ఎక్కడా లేదు కాబట్టి స కోసం తహతహలాడే ని లేదు. పంచమమూ లేదు కాబట్టి కార్డు నిలబడేందుకు ఆసరా లేదు. మోహనంలో గ్రహభేదం చేస్తే మధ్యమావతి, హిందోళం లాంటి వేరే వేరే రాగాలు పుడతాయి. గోప్రియలో ఏ స్వరాన్ని స అనుకున్నా మళ్లీ గోప్రియే వస్తుంది. అన్ని గుమ్మాలూ ఒకేలా ఉన్న వీధిలో మన ఇల్లేదో ఎలా పోల్చుకుంటాం? తంబురా ఉంటే గోప్రియ పాడేవారికి ఈ ఇబ్బంది లేదు. పియానో ముందు కూర్చున్న శ్రోతకే ఉంది.

అయితే డెబ్యుస్సీ తంబురా లాంటిదొకటి పెట్టాడు. ఆ నల్లమెట్ల గుంపులో చివరిదైన బి-ఫ్లాట్ అయిదో బార్ నుంచి దాదాపు రచనంతా అడుగున మోగుతూనే ఉంటుంది. లంగరు లాంటిదన్నమాట. పడవ ఊగుతుంది, కొట్టుకుపోదు.

మొత్తం 64 బార్లలో ఒక్క ఆరు బార్లు మాత్రం, 42 నుంచి 47 దాకా, గాలి మారుతుంది. మూడు తెల్లమెట్లూ తప్పుకుని, ఇంతవరకూ ఊరుకున్న రెండు నల్లమెట్లు వచ్చి చేరతాయి. పాత మూడు నల్లమెట్లు కదలవు. అలా అయిదు నల్లమెట్లతో పెంటటోనిక్ ఏర్పడుతుంది. ఒక మెట్టు నుంచి వింటే మోహనం, ఇంకో మెట్టు నుంచి శుద్ధ ధన్యాసి. మసక వీడి వెలుతురు పడ్డట్టుంటుంది. హోల్‌టోన్‌లో పంచమాలు లేవు, ఇక్కడ బోలెడున్నాయి. కానీ అర స్వరం ఇక్కడా లేదు. 1889 పారిస్ ప్రదర్శనలో డెబ్యుస్సీ జావా గమెలాన్ విని ముగ్ధుడయ్యాడన్నది నిజమే, ఈ అయిదు స్వరాల ఇష్టానికి కారణం పూర్తిగా అదే అనడం మాత్రం అతి.

ఇక్కడో పేచీ ఉంది. బి-ఫ్లాట్‌ను ప అనుకుంటే, ఈ ఆరు బార్లలో దాని స, అంటే ఇ-ఫ్లాట్, వచ్చి చేరింది. పాత ప-స ప్రయాణమే దొంగచాటుగా జరిగిందని వాదించవచ్చు. నాకూ వినేటప్పుడు అలా అనిపిస్తుంది. అయితే ఆ ప్రయాణాన్ని ఖాయం చేసే ని, అంటే అసలు ఇ-ఫ్లాట్‌కు అర స్వరం కిందనున్న డి, సరిగ్గా ఇప్పుడే తప్పుకుంది. అడుగున బి-ఫ్లాట్ కూడా దిగిరాలేదు. అందుకే ముడి తెగిందనను, వదులైందంటాను.

తర్వాత హోల్‌టోన్ తిరిగొస్తుంది. చివరికి మిగిలేవి సి, ఇ మాత్రమే, మనం మొదట నొక్కిన మూడు తెల్లమెట్లలో అటూ ఇటూ ఉన్నవి. స, గ వినబడినట్టే ఉంటుంది. ఇల్లు చేరామని ఖాయం చేసుకోవడానికి ఒక్క ప కావాలి. ఆ స్కేలులో ప లేదు.