ఆర్ట్ ప్రింట్ కొనేముందు భూతద్దం పట్టండి

ఆర్ట్ ప్రింట్ అడుగున ఎడమ పక్క 37/100 అని పెన్సిల్‌తో రాసి, కుడి పక్క చిత్రకారుడి సంతకం కనిపిస్తే చాలామంది అక్కడితో నమ్మేస్తారు. వందే వేశారు, అందులో ముప్పై ఏడోది నాకు దొరికింది, ఇక ఇది అసలుదే అనుకుంటారు. ఆ అంకె చెప్పేది ఎన్ని వేశారన్న సంగతి ఒక్కటే. ఎలా వేశారో అది చెప్పదు. ధర దగ్గర పెద్ద తేడా వచ్చేది ఆ ‘ఎలా’ వల్లనే.

అసలు ప్రింటుకీ నకలుకీ తేడా ఏమిటో ముందు చూద్దాం. చిత్తూరు జిల్లాలో పుట్టి, పారిస్‌లోని అట్లియే 17 స్టూడియోలో ఎన్నో ఏళ్లు పనిచేసిన కృష్ణారెడ్డిని తీసుకోండి. ఆయన లోహపు పలకను తన చేత్తోనే చెక్కేవారు. చిక్కదనంలో తేడా ఉన్న రంగు సిరాలను మెత్తటి రోలరుతో ఒకటీ, గట్టి రోలరుతో ఒకటీ పలక మీద పూసి, అన్ని రంగులూ ఒకే పలక నుంచి ఒకేసారి కాగితం మీదికి వచ్చేలా అచ్చు తీసేవారు. 1963లో ఆయన చేసిన ‘వర్ల్‌పూల్’ అలాంటిదే. దానికి వెనక వేరే ఎక్కడా ‘అసలు పెయింటింగ్’ లేదు. పలక నుంచి వచ్చిన ప్రతి కాగితమూ అసలుదే. మన లక్ష్మాగౌడ్ ఎచింగులూ అంతే. నకలు సంగతి వేరు. ఎక్కడో ఉన్న పెయింటింగ్‌ను ఫొటో తీసి, ఆ ఫొటోను యంత్రంతో అచ్చువేస్తారు. దాన్ని వందే వేసి, అంకె రాసి, చిత్రకారుడి చేత సంతకం పెట్టించినా అది ఫొటోకి అచ్చే. అలా అమ్మడం తప్పేమీ కాదు. ఆ మాట కొనేవాడికి చెప్పకుండా, సెరిగ్రాఫ్ అనో లితోగ్రాఫ్ అనో పేరుపెట్టి అమ్మడమే తప్పు.

అంకె గురించి తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. గీతకు కింద ఉన్నది మొత్తం ఎడిషన్, పైన ఉన్నది ఈ కాగితం సంఖ్య. 1/100 ముందుగా తీసిందనీ, అందుకే మెరుగైనదనీ అనుకోనక్కర్లేదు. ఆరిన కాగితాలను దొంతర పెట్టి, అంకెలు తర్వాత ఎప్పుడో వేస్తారు కాబట్టి ఆ వరసకూ అచ్చు తీసిన వరసకూ పొంతన ఉండకపోవచ్చు. కొన్నిటి మీద అంకెకు బదులు ఎ.పి. అని ఉంటుంది. అవి చిత్రకారుడు తనకోసం ఉంచుకున్న ప్రతులు, ఎడిషన్ లెక్కలోకి రావు. మామూలుగా ఎడిషన్‌లో పదో వంతుకు మించవు. వంద ప్రతుల ఎడిషన్‌కి ఎ.పి.లు నలభై, యాభై బజారులో తిరుగుతున్నాయంటే అనుమానించాల్సిందే.

సంతకం నిజమైనదే అయినా సరిపోదని సాల్వడార్ డాలీ ఉదంతం చెబుతుంది. ఆయన ఖాళీ కాగితాల మీద వేలకొద్దీ సంతకాలు పెట్టి ఇచ్చేశారు. 1974లో ఫ్రాన్స్ కస్టమ్స్ అధికారులు ఆపిన ఒక లారీలో ఆయన సంతకం ఉన్న ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. ఆ సంతకాలు ఆయనవే. వాటి పైన తర్వాత ఏ బొమ్మ, ఎవరు, ఎలా అచ్చువేస్తారో సంతకం చెప్పలేదు.

అందుకే నేను ముందు చుక్కల దగ్గరికి వెళతాను. దీనికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. నగల దుకాణంలో రాళ్లు చూసే పది రెట్ల లూపు చాలు. ముందు ఇంట్లోనే కన్నుకి అలవాటు చేసుకోండి. గోడ మీది క్యాలెండర్‌లో దేవుడి చెంప దగ్గర లూపు పెట్టి చూడండి. దూరం నుంచి నునుపైన గోధుమ రంగులా ఉన్నది, దగ్గరికి వచ్చేసరికి నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలుగా విడిపోతుంది. చుక్కలు వరసల్లో ఉంటాయి. నాలుగు రంగుల వరసలనూ నాలుగు వేర్వేరు కోణాల్లో తిప్పి వేస్తారు కాబట్టి అవి కలిసినచోట చిన్న చిన్న గుండ్రటి పువ్వుల్లాంటి అల్లిక కనిపిస్తుంది. ఇది ఆఫ్‌సెట్ ముద్రణ గుర్తు. మంచి ముద్రణలో అంగుళానికి 150కి పైగా వరసలుంటాయి, మామూలు కంటికి అందవు. ఇప్పుడు స్క్రీన్ ప్రింటింగ్ చేసిన పెళ్లి శుభలేఖ ఒకటి తీసుకుని, దాని మీది పేర్లను అదే లూపుతో చూడండి. అక్కడ చుక్కలుండవు. ఒకే రంగు, నిండుగా, కాగితం మీద కాస్త ఎత్తుగా పరుచుకుని ఉంటుంది. సెరిగ్రాఫ్ అంటే అదే పద్ధతి, చిత్రకారుడి బొమ్మకు వాడినది. ఎన్ని రంగులుంటే అన్ని తెరలు కడతారు. ఒక రంగు మీద ఇంకో రంగు పడ్డచోట పొర అంచు కనిపిస్తుంది.

మూడో రకం ఇంక్‌జెట్. గీక్లే అని గొప్పగా పిలిచే ప్రింట్లు ఇవే. వీటిలో ఆఫ్‌సెట్‌లాగా వరసలూ పువ్వులూ ఉండవు. సన్నటి తుంపర చల్లినట్టు చుక్కలు అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. అవి మరీ చిన్నవి, పది రెట్ల లూపుకి ఒక్కోసారి చిక్కవు, ముప్పై రెట్లది కావాలి. చూడాల్సిన చోటు కూడా ముఖ్యమే. ముదురు రంగులో చుక్కలు కలిసిపోయి నిండు రంగులా మోసం చేస్తాయి. లేత ఆకాశం, చెంప, లేత బూడిద నీడ చూడండి. అక్కడ చుక్కలు విడివిడిగా, తమ అసలు రంగుల్లో దొరికిపోతాయి.

చుక్క కనిపించగానే నకలు అనేయడం కూడా తొందరపాటే. రాతి మీద మైనపు క్రేయాన్‌తో గీసే లితోగ్రాఫ్‌లో రాతి గరుకు వల్ల గింజలు గింజలుగా సిరా పడుతుంది, కానీ ఆ గింజలు క్రమం లేనివి, ఒక్కో పొరలో ఒకే రంగువి. రవివర్మ 1894లో పెట్టిన ముద్రణాలయం నుంచి వచ్చిన ఓలియోగ్రాఫుల్లోనూ చుక్కలున్నాయి. రాతి మీద చేత్తో పెట్టిన ఆ చుక్కలు చిన్నా పెద్దా, వంకర టింకరగా ఉంటాయి. పాత ఓలియోగ్రాఫ్ అని అమ్మే బొమ్మలో నాలుగు రంగుల పువ్వుల అల్లిక కనిపిస్తే అది తర్వాతి కాలపు ఆఫ్‌సెట్ అచ్చన్నమాట. ఆండీ వార్‌హోల్ లాంటివాళ్లయితే ఫొటో చుక్కలను కావాలనే సెరిగ్రాఫ్‌లో వాడారు. అక్కడ చుక్క పెద్దది, ఒకే సిరాతో నిండుగా ఉంటుంది. కాబట్టి చూడాల్సింది చుక్క ఉందా లేదా అని కాదు. నాలుగు రంగుల చుక్కలు కలిసి మిగతా రంగులన్నిటినీ తయారుచేస్తున్నాయా అన్నదే ప్రశ్న.

ఎచింగ్ అయితే ఇంకో సాక్ష్యం ఉంది. తడిపిన కాగితాన్ని పలకతో కలిపి భారీ రోలర్ల మధ్య నొక్కుతారు. పలక అంచు కాగితంలోకి దిగి, బొమ్మ చుట్టూ నలుచదరపు గాడి పడుతుంది. చెక్కిన గీతల్లోని సిరా కాగితం మీదికి లేచి నిలుస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా టార్చి వేస్తే గీతలు గట్టుల్లా నీడ వేస్తాయి. నకలు మీద ఉత్త పలకతో గాడి నొక్కి అమ్మేవాళ్లున్నారు. గాడి ఉండీ, గీతలు మాత్రం కాగితంతో సమానంగా చదునుగా ఉంటే జాగ్రత్త పడండి.

ఇక కాగితం అంచు. చేత్తో చేసే కాగితానికి గుజ్జును చట్రంలో ఎత్తుతారు. చట్రం కిందికి జారిన గుజ్జు ఆరాక అంచు వంకీలుగా, కొసకు వచ్చేసరికి పలచబడుతూ ఉంటుంది. దీన్ని డెకిల్ అంచు అంటారు. స్కేలు పెట్టి చింపిన అంచు అలా పలచబడదు. చివరిదాకా ఒకే మందం ఉండి, కొసన పీచులు లేచి ఉంటాయి. వెలుతురుకి ఎత్తి చూస్తే మంచి ప్రింట్ కాగితాల్లో ఆర్షె, బి.ఎఫ్.కె. రివ్ లాంటి పేర్లు వాటర్‌మార్క్‌గా కనిపించవచ్చు. కానీ అంచును బట్టి ఒక నిర్ణయానికి రావడం నాకు ఇష్టముండదు. డెకిల్ అంచు కాగితాలు ఇప్పుడు ఇంక్‌జెట్‌కీ దొరుకుతున్నాయి. ఇంకోవైపు, ఫ్రేములో పట్టలేదని నిజమైన ఎచింగ్ అంచులనే కత్తిరించిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. అలా కత్తిరిస్తే దాని విలువ తగ్గుతుంది కానీ అది నకలైపోదు. అంచు మీకు ప్రశ్నలు అడగడానికి పనికొస్తుంది, తీర్పుకి చాలదు.

హైదరాబాద్‌లో ఉండే మిత్రుడు ఒకాయన ఈ మధ్య ఇలాంటిదే ఒకటి కొనబోతూ ఫొటోలు పంపారు. ‘సెరిగ్రాఫ్, 37/100, చేతి సంతకం’ అని ప్రకటన. నాలుగు పక్కలా వంకీల అంచు. సంతకం క్లోజప్‌లో పెన్సిల్ గీత గ్రాఫైట్ మెరుపుతో, కాగితం గుంతల్ని దాటుకుంటూ తెగి తెగి ఉంది. అచ్చు వేసిన సంతకమైతే అది కూడా చుక్కలుగా విడిపోయేది. అంటే సంతకం చేత్తో పెట్టిందే. “అన్నీ సరిగ్గానే ఉన్నాయి కదండీ, డబ్బు పంపేయమంటారా?” అని అడిగారు.

“బొమ్మలో ఆ ఆడమనిషి చెంప దగ్గర ఒక్క క్లోజప్ అడగండి. పక్కన స్కేలు పెట్టి తీయమనండి. వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపమనండి” అన్నాను.

ఆ చివరి మాటకి కారణం ఉంది. ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించేస్తుంది, చుక్కలు చెరిగిపోతాయి. దూరం నుంచి తీసిన ఫొటోను తెర మీద ఎంత పెద్దది చేసినా కనిపించేవి ఫొటో గళ్లే తప్ప అచ్చు చుక్కలు కావు. ఫోనుకి లూపు ఆనించి గానీ, దగ్గరి వస్తువులకు ఉండే మాక్రో లెన్సుతో గానీ తీయాలి.

చెంప క్లోజప్ వచ్చింది. గోధుమ రంగు అనే పొర ఎక్కడా లేదు. నీలం, గులాబీ, పసుపు తుంపర, క్రమం లేకుండా. కంటి చుట్టూ ఉన్న నల్ల గీత అంచు కూడా తుంపరగా చెదిరి ఉంది. సెరిగ్రాఫ్‌లో అయితే ఆ గీత అంచు కోసినట్టు ఉండి, కింది రంగు మీద పొరగా కూర్చునేది. అది ఇంక్‌జెట్. మిత్రుడు అదే మాట అమ్మేవాళ్లతో అంటే, “డిజిటల్ ప్రింటే సార్, కానీ సంతకం ఒరిజినల్” అని ఒప్పుకున్నారు. బొమ్మ ఆయనకు బాగా నచ్చింది. సెరిగ్రాఫ్ ధరకి కాకుండా, సంతకం ఉన్న డిజిటల్ ప్రింట్ ధరకి బేరమాడి తీసుకున్నారు. నా దృష్టిలో అది మంచి కొనుగోలే.

మీరూ కొనేటప్పుడు మొహమాటపడకండి. ఫ్రేము విప్పి నాలుగు అంచులూ కనిపించే ఫొటో, అంకె–సంతకాల క్లోజప్, లేత రంగు దగ్గర లూపుతో తీసిన క్లోజప్ అడగండి. వాటిలో చివరిది ఇవ్వడానికి తటపటాయిస్తే ఆ ప్రింట్ వదిలేయండి. కొన్నాక ఎచింగా, లితోగ్రాఫా, సెరిగ్రాఫా, డిజిటల్ ప్రింటా అన్నది రసీదు మీద స్పష్టంగా రాయించుకోండి. ‘లిమిటెడ్ ఎడిషన్’ అని మాత్రమే రాసి ఇస్తే ఒప్పుకోవద్దు.